ముఖ్య అతిథికీ మూలవ్యాధికీ ఉన్న సంబంధం

కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో అడ్డంగా పంపేవాళ్ళ కోసం యమధర్మరాజు విడిగా ఒక సెక్షన్ పెట్టించాలి. ఫోను తిప్పితే కాగితమూ తిరుగుతుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ తిరుగుతుంది. ఫోను కదపకుండా మనమే మెడ వంచి చదువుదామంటే కాగితం కుదురుగానే ఉంటుంది గానీ మెడ కుదురుగా ఉండదు.

పెనుమర్తి భీమశంకరం గారికి గురువారం పొద్దున్న ముఖ్య అతిథి బయోడేటా పేజీలు ఇలాంటివి పదకొండు వచ్చాయి. పది పక్కకి పడుకున్నాయి. తొమ్మిదోది ఏకంగా శీర్షాసనం వేసింది. ఆయన ఎనిమిదో పేజీ దాకా మెడ వంచి చదివి, తొమ్మిదోదాన్ని వదిలేసి, పదిలోకి దూకారు. ఎనిమిది పేజీల పాటు ఒక మనిషి గొప్పతనం చదివాక తొమ్మిదో పేజీలో కొత్తగా ఏముంటుందిలే అని ఆయన ధైర్యం. ఈ ధైర్యం సంగతి తర్వాత వస్తుంది.

భీమశంకరం గారు కాకినాడలో వసుంధర మూలవ్యాధి, భగందర చికిత్సాలయంలో రికార్డుల సెక్షన్‌కి పెద్ద. ఆసుపత్రి పెట్టి శనివారానికి పదిహేనేళ్ళు. మొదటిరోజు మొదటి పేషెంటు కార్డు రాసింది ఆయనే. అయినా వియ్యాలవారు ఎక్కడ పనిచేస్తున్నారని అడిగితే మాత్రం "పెద్ద ఆసుపత్రండి, అడ్మినిస్ట్రేషను" అంటారు. ఏ ఆసుపత్రి అని రెట్టిస్తే వాళ్ళకి పెసరట్టు వడ్డించమని భార్యని కేకేస్తారు.

ఆయన్ని అనుకుని లాభం లేదు. ఊరే అలాంటిది. ఆసుపత్రికి రెండు గేట్లున్నాయి. ముందుగేటు మీద పేరుంటుంది కాబట్టి అందులోంచి పోస్ట్‌మాన్ తప్ప ఎవరూ రారు. వెనకగేటు మీద 'స్టోర్స్' అని ఉంటుంది కాబట్టి జనమంతా అందులోంచే వస్తారు. రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకోవడానికి ససేమిరా అనేవాళ్ళు కూడా ఆసుపత్రి వరండాలో బుద్ధిగా హెల్మెట్ పెట్టుకుని వరసలో నిలబడతారు. పేరడిగితే వెంకటేశ్వర్లు అంటారు. వృత్తి అడిగితే వ్యవసాయం అంటారు. భీమశంకరం గారి అలమరాల్లో నూట తొంభై ఆరుమంది రైతు వెంకటేశ్వర్లు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన తెల్లకోటు మీదే వచ్చాడు.

అందుకే డాక్టర్ వసుంధరాదేవి గారు ఆసుపత్రి పెట్టినప్పుడు గోడ మీద ఒకటే మాట రాయించారు. 'రక్తం కనిపిస్తే దాచకండి. చూపించుకోండి.' ఆవిడ నాన్నగారు రెండేళ్ళు దాచారు. అందరూ మొలలే అనుకున్నారు. అది మొలలు కాదని తెలిసేసరికి ఎవరూ చేసేదేమీ లేకపోయింది. ఆ తర్వాత ఆవిడ ఇంకే సర్జరీ చదవలేదు, ఇదే చదివారు.

ప్రతి ఏడూ వ్యవస్థాపక దినం నాడు సభ పెడతారు. సభ కాగానే ఆసుపత్రి ముందుగేటు దగ్గర ఉచిత పరీక్షల శిబిరం. గత ఏడాది శిబిరానికి పదకొండు మంది వచ్చారు. అందులో ఏడుగురు ఒకే ఇంటివాళ్ళు, షామియానా చూసి పెళ్ళనుకుని వచ్చారు.

ముఖ్య అతిథి దొరకడం ఇంకా కష్టం. మొలల ఆసుపత్రి బ్యానరు కింద నిలబడి పేపర్లో ఫొటో వేయించుకోవడానికి కాకినాడలో ఎవరికి గుండెలున్నాయి? ఒకాయన బ్యానరు మీద పేరు కనపడకుండా పూలదండలు వేలాడదీయమన్నాడు. ఇంకొకాయన వచ్చి, గంటసేపు కంటి ఆరోగ్యం గురించి మాట్లాడి వెళ్ళాడు. అలాంటిది ఈ ఏడు రిటైర్డ్ జిల్లా జడ్జి జలసూత్రం విశ్వపతిరావు గారిని అడిగితే, ఫోనులోనే, ఒక్క నిమిషంలో సరేనన్నారు. ఆసుపత్రి మొత్తం ఒక గంట పని మానేసి ఆశ్చర్యపోయింది.

గురువారం మధ్యాహ్నం డాక్టరుగారు భీమశంకరం గారిని గదిలోకి పిలిచారు.

"శంకరం గారూ, కూర్చోండి."

"పర్లేదండి, నిలబడే ఉంటానండి. నిలబడితే బుర్ర బాగా పనిచేస్తుందండి."

ఆయన నాలుగు నెలల నుంచి నిలబడే పనిచేస్తున్నారు. బుర్ర కోసమే.

"జడ్జిగారిని సభకి పరిచయం చెయ్యాలి. మీరు చెయ్యండి."

భీమశంకరం గారికి కాళ్ళ కింద నేల రెండంగుళాలు పైకి లేచినట్టైంది. పద్నాలుగేళ్ళుగా ఆ పని మత్తు డాక్టరు చిదంబరం గారిది. కిందటేడు ఆయన ముఖ్య అతిథి బయోడేటా మొత్తం, బ్లడ్ గ్రూపుతో సహా, ఇరవై మూడు నిమిషాలు చదివారు. చదవడం అయ్యేసరికి అతిథిగారి రైలు టైమైంది. ఆయన దండ కూడా తియ్యకుండా స్టేషన్‌కి పరిగెత్తాడు. మత్తివ్వడంలో చిదంబరం గారికి తిరుగులేదని అప్పుడే అందరికీ రూఢి అయింది.

"రెండు నిమిషాలు," అన్నారు డాక్టరుగారు. "బయోడేటా చదవొద్దు, అది గూగుల్లో ఉంటుంది, కావలసినవాళ్ళు చూసుకుంటారు. ఆయన ఎవరో ఒకటి రెండు వాక్యాలు. మన గోడ మీద మాటకీ ఆయనకీ ఏమిటి సంబంధం, అది చెప్పండి. అదే ముఖ్యం. ఎందుకు ఈయన్నే పిలిచారు అని జనానికి అర్థం కావాలి. చివర్లో పేరు చెప్పి మైకు ఇచ్చేసి కూర్చోండి."

"నిలబడతానండి," అన్నారు భీమశంకరం గారు.

"సంబంధం సరిగ్గా పడితే శిబిరానికి నలభై మందైనా వస్తారు. పడకపోతే మళ్ళీ షామియానా చూసి వచ్చేవాళ్ళే."

సాయంత్రం ఇంట్లో భార్య హైమవతి గారికి ఈ వార్త చెప్పగానే ఆవిడ మొదట అడిగింది ఏ చొక్కా అని. రెండోది, లోకల్ కేబుల్లో వస్తుందా అని. వస్తుందన్నాక ఆవిడ ముఖం కొంచెం వాడింది.

"వెనకాల బ్యానరు కనపడుతుందా?"

"కనపడకుండా ఎలా ఉంటుంది హైమా, పన్నెండడుగులుంది."

"వియ్యపురాలు కేబులు చూస్తుందండీ. పోనీ మీరు 'మూల' ముందు నిలబడండి. 'వ్యాధి' ఒక్కటే కనపడుతుంది. వ్యాధి అంటే ఏదైనా కావచ్చుగా."

ఇక సంబంధం వెతకడం మొదలైంది. భీమశంకరం గారు శుక్రవారం పొద్దున్నంతా మెడ పక్కకి వేసుకుని చదివారు. జడ్జిగారు పుట్టిన ఊరు, చదివిన కాలేజీలు, ఇచ్చిన తీర్పులు, రాసిన పద్యాలు, పద్యాలకి వచ్చిన శాలువాలు. వీటిలో దేనికీ మూలవ్యాధితో చుట్టరికం కుదరలేదు. జడ్జీలు జీవితమంతా కూర్చునే ఉంటారని ఒక వాక్యం రాసి, చదువుకుని, కొట్టేశారు.

పదకొండో పేజీ చివర ఆయన కళ్ళు ఆగాయి. టైపు చేసిన బయోడేటాని ఎవరో పెన్నుతో దిద్దారు. కామా లేనిచోట కామా, ఉన్నచోట సున్నా చుట్టి కొట్టివేత, ప్రతి దిద్దుబాటు పక్కనా చిన్న పొడి సంతకం. సిరా పచ్చది.

భీమశంకరం గారికి ముఖాలు గుర్తుండవు. రాతలు గుర్తుంటాయి. ఆయన మెడ దానంతటదే నిటారుగా అయింది.

పదకొండేళ్ళ కిందట ఒక రైతు వెంకటేశ్వర్లు వచ్చాడు. తలకి మఫ్లరు, జేబులో పచ్చసిరా పెన్ను. ఫిస్టులా ఆపరేషనుకి ముందు అనుమతి పత్రం మీద సంతకం పెట్టమంటే, పెట్టకుండా నలభై నిమిషాలు చదివాడు. చదివి, పదిహేడుచోట్ల దిద్దాడు. దిద్ది, అన్నిటికంటే పైన తనే ఒక వాక్యం రాశాడు. 'మీరు ఇక్కడికి వచ్చిన సంగతి మీ అనుమతి లేకుండా మేము ఎవరికీ, ఎప్పుడూ చెప్పము.' డాక్టరుగారు అది చూసి, బాగుందని, మర్నాటి నుంచీ ఆసుపత్రి పత్రాలన్నీ అలాగే అచ్చు వేయించారు. ఇప్పటికీ అదే పత్రం. ఇంత చట్టం తెలిసిన రైతు ఏం పండిస్తాడా అని అప్పట్లో భీమశంకరం గారు మూడు రోజులు ఆలోచించారు.

ఆయన లేచి, అంటే నిలబడే ఉన్నారు కనుక నడిచి, అలమరా దగ్గరికెళ్ళి ఆ ఫైలు తీశారు. పచ్చసిరా పక్కన పచ్చసిరా పెట్టి చూశారు. అదే కామా. అదే సున్నా.

సంబంధం దొరికింది. మామూలు సంబంధమా. గోడ మీద మాటకి ఇంతకంటే దగ్గర చుట్టం ఎవరు? సాక్షాత్తూ జిల్లా జడ్జి దాచకుండా వచ్చి చూపించుకున్నాడు. మఫ్లరు కట్టుకున్నాడనుకోండి, వచ్చాడు కదా. ఈ ముక్క చెబితే హాలంతా లేచి శిబిరానికి పరిగెత్తదూ. భీమశంకరం గారికి చప్పట్లు అప్పుడే వినపడ్డాయి. చప్పట్లలోంచి ఒక గొంతు కూడా వినపడింది.

"ఆ ఫైలెవరడిగారండీ?"

హెడ్ నర్సు కరుణమ్మ. ఆవిడ చెప్పులు చప్పుడు చెయ్యవు.

"ఎవరూ అడగలేదు సిస్టర్. దుమ్ము..."

"రిజిస్టర్లో రాశారా?"

ఏ ఫైలు తీసినా, ఎవరు, ఎందుకు తీశారో రిజిస్టర్లో రాయాలన్న రూలు భీమశంకరం గారే పెట్టారు. కరుణమ్మ చేత ఆరుసార్లు సంజాయిషీ కూడా రాయించారు. ఇప్పుడావిడ రిజిస్టరు తెచ్చి, తెరిచి, పెన్ను మూత తీసి మరీ అందించింది. కారణం అన్న గడిలో ఆయన 'దుమ్ము దులుపుటకు' అని రాశారు.

"మిగతా నూట తొంభై అయిదుమంది వెంకటేశ్వర్లకీ దుమ్ము లేదేమోలెండి," అంది కరుణమ్మ. "ఆయ్, ఒక మాట చెప్పనా? రేపు మైకు ముందు మీకేం గుర్తుకొచ్చినా, ఫైలు తెరిస్తే గుర్తుకొచ్చింది మాత్రం మర్చిపోండి."

"నాకు తెలీదా సిస్టర్."

"తెలుసు కాబట్టే చెబుతున్నాను. తెలీనివాళ్ళకి ఫైళ్ళు అందవు కదండీ."

అదీ చిక్కు. చెప్పవలసిన సంబంధం ఒక్కటే ఉంది. అది చెప్పకూడదని ఆ సంబంధమే రాసిపెట్టింది, పచ్చసిరాతో. ఆయన అనుమతి ఇస్తేనే చెప్పాలి. అనుమతి అడగాలంటే నాకు తెలుసని చెప్పాలి. నాకు తెలుసని చెప్పాలంటే ఫైలు తీశానని చెప్పాలి.

ఆ సాయంత్రం హైమవతి గారి ముందు రిహార్సలు జరిగింది. పదిహేనేళ్ళలో ఆయన ఏ పేషెంటు సంగతీ ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. అందుకని ఉపన్యాసం ఇలా సాగింది.

"సభకు నమస్కారం. ఫలానా వారికీ మా ఆసుపత్రికీ ఉన్న బంధం ఈనాటిది కాదు. ఫలానా సంవత్సరంలో, ఫలానా విధంగా, ఫలానా చేసినవారు. ఇక్కడ చప్పట్లు."

"దేనికండీ చప్పట్లు?"

"ఫలానాకి."

"చిదంబరం గారే నయం," అన్నారు హైమవతి గారు. "బ్లడ్ గ్రూపైనా చెప్పారు."

శనివారం పది గంటలకి సభ. తొమ్మిదింబావుకే హాలు నిండింది. జడ్జిగారు వస్తున్నారంటే వకీళ్ళు ఎలాగూ వస్తారు. వకీళ్ళు వస్తే వాళ్ళ క్లయింట్లు. నర్సులు గంజిపెట్టిన చీరల్లో అటూ ఇటూ పరుగులు. డాక్టరుగారు దీపం కుందిలో నూనె తనే పోస్తున్నారు. భీమశంకరం గారి గుండె చొక్కా గుండీల్ని లోపలినుంచి తడుతోంది. భయమా అంటే భయం కాదు. పెళ్ళికొడుకు పల్లకీ ఎక్కేముందు ఉంటుందే, అది.

జడ్జిగారిని పక్కగదిలో కూర్చోబెట్టారు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి పంచె, జేబులో పెన్ను. పక్కన భార్య లలితాంబ గారు కాజా తుంచుకుని తింటున్నారు. ఆవిడ ముందు అడగడానికి లేదు. ఆవిణ్ణి బయటికి పంపడానికీ లేదు. భీమశంకరం గారు చేతిలో అట్ట మీద అనుమతి పత్రం క్లిప్పుతో బిగించి, లోపలికి వెళ్ళారు. ఫైల్లోది కాదు. ఖాళీది, రోజూ వాడేది.

"నమస్కారమండి. మిమ్మల్ని సభకి పరిచయం చేసే భాగ్యం నాదండి. మీ పేరు విశ్వపతిరావు అనే కదండీ పలకాలి, ఇంటిపేరు ముందు?"

"అవును."

"పరిచయంలో ఏమేం చెప్పాలో, ఏం చెప్పకూడదో తమరినే అడుగుదామని. ఇది మా ఆసుపత్రి అనుమతి పత్రమండి. ఒకసారి చూస్తే..."

"ఇదేవిటి, ఉపన్యాసానికి కూడా సంతకం పెట్టాలా," అన్నారు లలితాంబ గారు. "మత్తు ఇస్తారా?"

"కిందటేడు ఇచ్చామండి," అన్నారు భీమశంకరం గారు.

జడ్జిగారు అట్ట అందుకున్నారు. మొదటి వాక్యం దగ్గర కళ్ళద్దాలు సర్దుకున్నారు. చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఉన్నారు. అది చిన్న వాక్యం.

"ఈ మొదటి వాక్యం ఎవరు రాశారు?"

"చెప్పకూడదండి," అన్నారు భీమశంకరం గారు. "ఎందుకు చెప్పకూడదో ఆ వాక్యంలోనే ఉందండి."

జడ్జిగారు తలెత్తి ఆయన వైపు చూశారు. ముప్పై నాలుగేళ్ళు బోనులో మనుషుల్ని చూసిన చూపు. భీమశంకరం గారు చెయ్యని హత్య కూడా ఒప్పుకునేలా ఉన్నారు. చివరికి జడ్జిగారు పెన్ను తీసి, పచ్చసిరాతో, కింద ఒక్క మాట రాసి, పొడి సంతకం పెట్టి, తారీఖు వేసి ఇచ్చేశారు.

గది బయటికి వచ్చి చూసుకుంటే 'వాయిదా' అని ఉంది.

వాయిదా అంటే అవునా, కాదా? నలభై ఏళ్ళుగా పొలం గట్టు కేసు నడుపుతున్న వాళ్ళ బాబాయిని అడిగితే చెప్పేవాడేమో. భీమశంకరం గారికి ఒకటే తెలుసు. అవును అని లేదంటే కాదనే. రాసుకున్న రెండు నిమిషాల్లో నిమిషం ముప్పావు పోయింది. మిగిలింది నమస్కారం, ఫలానా.

అవతల ప్రార్థన మొదలైంది. తర్వాత దీపం. ఆ తర్వాత స్వాగతం, ఆసుపత్రి వార్షిక నివేదిక, అటుపైన పరిచయం. మహా అయితే పన్నెండు నిమిషాలు. ఆయన ఒక స్తంభం చాటుకి వెళ్ళి ఫోను తీసి పదకొండు పేజీలూ మళ్ళీ మొదలుపెట్టారు. మెడ కుడికి. పుట్టిన ఊరు. కాలేజీలు. పద్యాలు. శాలువాలు. ఎనిమిది అయింది. తొమ్మిది, శీర్షాసనం.

ఫోను తిప్పారు. పేజీ తిరిగింది. రెండోసారి తిప్పారు, రెండోసారి తిరిగింది.

"సిస్టర్, ఇది పట్టుకోండి," అని ఫోను కరుణమ్మ చేతిలో పెట్టి, "కదపొద్దు" అని, నడుం దగ్గర వంగి తల మోకాళ్ళ దాకా తెచ్చి, ఆవిడ చేతికింద నుంచి పైకి చూస్తూ చదివారు. అటుగా పోతున్న ఇద్దరు వకీళ్ళు, ఇక్కడ పరీక్షలు ఇలా చేస్తారు కాబోలనుకుని కొంచెం దూరంగా జరిగారు.

తొమ్మిదో పేజీలో మూడో పేరా. నాలుగు లైన్లు. ఆయన చదివి, అలా వంగే ఉండి, "హమ్మయ్య" అన్నారు.

"ఏటండీ, పట్టేసిందా?" అంది కరుణమ్మ.

"దొరికింది సిస్టర్. ఫైల్లోది కాదు, ఆయన పంపిందే."

"అయితే లేవండి. మీ పేరు పిలుస్తున్నారు."

భీమశంకరం గారు మైకు ముందుకి వచ్చారు. తలకిందులుగా చదివినందువల్ల ముఖం ఎర్రగా, మంచి కళగా ఉంది. వెనక బ్యానరు పన్నెండడుగులూ కనపడుతోంది. ముందు వరసలో హైమవతి గారు చేత్తో పక్కకి జరగమని సైగ చేశారు. ఆయన జరగలేదు.

"సభకు నమస్కారం. మా గోడ మీద ఒక మాట ఉంది. రక్తం కనిపిస్తే దాచకండి, చూపించుకోండి అని. చూపించుకోమనడం తేలికేనండి. ఎక్కడ చూపించుకోవాలి? నలుగురూ చూసేచోట మనిషి నోరు విప్పడు. పదిహేనేళ్ళుగా మా ఆసుపత్రి చేస్తున్న పని కత్తితో కోయడం ఒక్కటే కాదు. తలుపు వేసి, మనిషి మాట వినడం."

మూల అన్న మాట వస్తుందేమోనని కొంతమంది ముందే నేల చూపులు చూస్తున్నారు.

"ముప్పై ఏళ్ళ కిందట ఒక చిన్న కోర్టులో, తనమీద జరిగిన అఘాయిత్యం చెప్పుకోవడానికి ఒక ఆడపిల్ల బోనెక్కింది. హాలు నిండా జనం. ఆ పిల్ల తన పేరు కూడా చెప్పలేకపోయింది. ఆనాటి జడ్జిగారు జనాన్ని బయటికి పంపి, తలుపులు వేయించి, 'ఇప్పుడు చెప్పమ్మా, ఇది ఈ గది దాటదు' అన్నారు. అక్కడితో ఆగలేదు. తర్వాత తను పనిచేసిన ప్రతి కోర్టులోనూ, సాక్షులు కూర్చోవడానికి విడిగా ఒక గది కట్టించేదాకా పై అధికారులకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. తలుపు వేస్తే తప్ప నిజం బయటికి రాదని మాకంటే ముందే తెలిసినవారు. అందుకే ఈరోజు మా ముఖ్య అతిథి వేరే ఎవరూ కాలేరు. రిటైర్డ్ జిల్లా జడ్జి, శ్రీ జలసూత్రం విశ్వపతిరావు గారు."

మైకు ఇచ్చేసి పక్కకి జరిగారు. ఒక నిమిషం యాభై సెకన్లు. చప్పట్లు మొదలై, వకీళ్ళ వరసలో ఒకాయన లేచి నిలబడి కొట్టాడు. ఫలానాకి కాదు. హైమవతి గారు కూడా కొడుతున్నారు, సైగలు మానేసి. డాక్టరుగారు బొటనవేలితో కంటికొసని ఒకసారి ఒత్తుకున్నారు.

జడ్జిగారు మైకు దగ్గరికి వచ్చారు. గొంతు సవరించుకున్నారు.

"పొద్దున్న నేను ఒక విషయం వాయిదా వేశాను. ఇప్పుడు తీర్పు చెబుతాను. పదకొండేళ్ళ కిందట ఈ ఆసుపత్రికి వెంకటేశ్వర్లు అనే రైతు వచ్చాడు. అనుమతి పత్రం దిద్దాడు. ఆ రైతుకి పొలం లేదు. వెంకటేశ్వర్లు అన్నది కూడా అతని పేరు కాదు. అతని పేరు ఇప్పుడే ఇక్కడ చదివారు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"దొంగపేరుతో పెట్టిన సంతకం చెల్లదు. కాబట్టి డాక్టరుగారు నా అనుమతి లేకుండానే నాకు ఆపరేషను చేశారు. కేసు వేద్దామంటే గడువు దాటింది, పైగా నొప్పి పోయింది."

ముందు వరసలోంచి లలితాంబ గారి గొంతు, మైకు లేకుండానే అందరికీ వినపడింది.

"హైదరాబాదులో మూడు రోజుల శిక్షణ అన్నారు."

"అన్నాను."

"వచ్చాక నెలరోజులు టబ్బులో వేణ్ణీళ్ళు పోసుకుని కూర్చుంటే, శిక్షణలో నేర్పారన్నారు."

"అదీ అన్నాను. శిక్ష ఇంటికెళ్ళాక విధించు."

హాలు విరగబడి నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆయన ఆగారు.

"నేను ఎనిమిది నెలలు దాచి వచ్చాను. మా తమ్ముడు రెండేళ్ళు దాచాడు. రక్తం పడుతోందని వాడు నాకు చెప్పలేదు, నాకు ఇలాగే అయి తగ్గిందని నేను వాడికి చెప్పలేదు. ఇద్దరం పెద్దమనుషులం. వాడిది మొలలు కాదు, పేగులో కాన్సరు. ముందే చూపించుకుంటే బతికేవాడన్నారు. కిందటి మాఘంలో పోయాడు. అందుకే ఫోను రాగానే ఒప్పుకున్నాను. కానీ పొద్దున్న ఆ కాగితం చూశాక కూడా నోరు పెగల్లేదు. ఇందాక పరిచయం చేసినాయనకి నా సంగతి తెలుసు. చెబితే ఆయనకి చప్పట్లు ఇంకా ఎక్కువ పడేవి. చెప్పలేదు. తలుపు వేసి ఉంచాడు. తలుపు వేసే ఉందని తెలిశాక, తీసుకుని రావడం నా వంతైంది. ఇక ఉపన్యాసం లేదు. ముందుగేటు దగ్గర టోకెన్లు ఇస్తున్నారట. పదండి."

పదకొండున్నరకి శిబిరం మొదలైంది. పన్నెండుకి అచ్చువేయించిన వంద టోకెన్లు అయిపోయి, కరుణమ్మ పాత కాలెండరు చింపి వెనక అంకెలు వేయడం మొదలుపెట్టింది. వరస ముందుగేటు దాటి, రోడ్డు దాటి, చెరుకురసం బండి దాకా పోయింది. హెల్మెట్లు చేతుల్లో ఉన్నాయి. టేబులు దగ్గర పేరడిగితే ఒకాయన అలవాటుగా "వెంక..." అని ఆగి, అసలు పేరు చెప్పి, ఇంటిపేరు కూడా చెప్పి, అడక్కుండానే ఏ బ్యాంకులో మేనేజరో చెప్పాడు. వరసలో నిలబడ్డవాళ్ళు లక్షణాలు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. ఎవరిది పెద్దది అన్న దగ్గర చిన్న పోటీ కూడా వచ్చింది.

డాక్టరుగారు పరుగులాంటి నడకతో వచ్చి భీమశంకరం గారి ముందు ఆగారు.

"నూట నలభై మూడు, శంకరం గారూ. నూట నలభై మూడు మంది." ఆవిడ మొహం దీపం కుందిలా ఉంది. "సంబంధం ఎంత బాగా పట్టారు. అన్నట్టు, ఆ ఫైలు ఎందుకు తీశారో సోమవారం నా గదికి వచ్చి చెప్పండి. దుమ్ము అని కాకుండా."

"అలాగేనండి."

"వచ్చినప్పుడు కూర్చోండి కూడా. నాలుగు నెలలుగా చూస్తున్నాను, నిలబడే ఉంటున్నారు."

ఆవిడ వెళ్ళిపోయారు. కరుణమ్మ ఒక కాలెండరు ముక్క చింపి, 144 అని వేసి, ఆయన చొక్కా జేబులో దోపింది.

అదీ కథ. ఇప్పుడు మన భీమశంకరం గారు స్తంభం చాటున నిలబడి ఉన్నారు. నాలుగు నెలల నుంచి కనిపిస్తున్నది పచ్చిమిరపకాయ బజ్జీల వేడి అని ఆయన వాదన. రెండు పూటలా మజ్జిగ తాగుతున్నారు. గోడ మీద మాట పదిహేనేళ్ళుగా రోజూ చదువుతున్నారు. ఇందాక మైకులో దాన్ని ఊరందరికీ చదివి వినిపించారు. వరసలో నిలబడితే కేబుల్ వాళ్ళ కెమెరా ఎదురుగా ఉంది, వియ్యపురాలు తప్పకుండా చూస్తుంది. వెనకగేటు నుంచి వెళ్దామంటే ఈరోజు అక్కడ ఒక్క మనిషీ లేడు, ఇట్టే కనపడిపోతారు. కార్డు రాయాల్సింది ఆయనే, పేరు దగ్గర పెన్ను ఆగింది. చేతిలో వకీలు దగ్గర అరువు తెచ్చుకున్న హెల్మెటు కూడా ఉంది.

అయ్యా, అమ్మా, చదివినవాళ్ళు మీరు, నాలుగూళ్ళు చూసినవాళ్ళు. ఏ గేటు, ఏ పేరు, హెల్మెటు ఉంచాలా తియ్యాలా, ఆయనకి కాస్త మీరే చెప్పండి. మీలో కూడా ఎవరైనా మజ్జిగ తాగుతూ, నిలబడి చదువుతున్నవాళ్ళుంటే, మీరేం చేస్తున్నారో అదైనా చెప్పండి. త్వరగా కానివ్వండి బాబూ, లోపల నూట ముప్పై తొమ్మిదిని పిలుస్తున్నారు.